తల్లి క్యాండిల్ గీసిన రెండు గీతలు

2024 జూన్ 4న లోక్‌సభ ఎన్నికల ఓట్లు లెక్కిస్తున్నారు. ముందు రోజే ఎగ్జిట్ పోల్స్ ఊపులో నిఫ్టీ ఏడు వందల పాయింట్లకు పైగా లేచి 23,263.90 వద్ద ముగిసింది. లెక్కింపు రోజు ఉదయం 23,179.50 వద్ద మొదలై, అధికార పక్షానికి సొంతంగా మెజారిటీ రావడం లేదని తెలిసే కొద్దీ జారుతూ పోయి మధ్యాహ్నానికి 21,281.45 దాకా పడింది. చివరికి కొంత తేరుకుని 21,884.50 దగ్గర ఆగింది. ఒక్క రోజులో పైకొసకూ కిందికొసకూ మధ్య దూరం దాదాపు 1,900 పాయింట్లు. చార్టులో ఆ రోజు పొడవాటి ఎర్ర క్యాండిల్‌గా నిలబడిపోయింది.

మర్నాడు, జూన్ 5న, మార్కెట్ 735 పాయింట్లు పెరిగింది. టీవీలో అది పెద్ద వార్తే. చార్టు చూస్తే మాత్రం ఆ పెరుగుదల అంతా ముందు రోజు క్యాండిల్ కడుపులోనే ఇమిడిపోయింది. 4వ తేదీ గరిష్ఠాన్ని అది దాటలేదు, కనిష్ఠాన్నీ తాకలేదు. 6వ తేదీ ఇంకో 201 పాయింట్లు పెరిగి 22,821.40 దగ్గర ముగిసింది. అదీ లోపలే. రెండు రోజుల్లో తొమ్మిది వందల పాయింట్లకు పైగా కదిలిన మార్కెట్ ఇంకా మొదటి రోజు గీసిన గిరి దాటలేదు.

ముందు రోజు గరిష్ఠ, కనిష్ఠాల మధ్యే ఈ రోజు ధరంతా ఉండిపోతే ఈ రోజు క్యాండిల్‌ను ఇన్‌సైడ్ బార్ అంటారు. దాన్ని కడుపులో పెట్టుకున్న ముందరి క్యాండిల్ మదర్ క్యాండిల్, అంటే తల్లి. జపాన్ వాళ్ళు ఇలాంటి జంటకే హరామీ అని పేరు పెట్టారు. హైదరాబాద్‌లో ఆ మాట వింటే ఎవరైనా తిట్టారేమోనని తిరిగి చూస్తాం. జపనీస్‌లో మాత్రం అది గర్భిణి అని చెప్పే పాత మాట. పెద్ద క్యాండిల్ తల్లి, చిన్నది కడుపులో బిడ్డ. 1991లో స్టీవ్ నిసన్ జపనీస్ క్యాండిల్‌స్టిక్‌ల మీద రాసిన పుస్తకంతో ఈ పేర్లు మిగతా ప్రపంచానికి అలవాటయ్యాయి.

ఇన్‌సైడ్ బార్‌నూ హరామీనీ చాలామంది ఒకటే అనుకుంటారు. రెండూ వేరు. క్యాండిల్‌లో లావుగా కనిపించే భాగం బాడీ. ఆ రోజు ధర ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో అది చెబుతుంది. పైనా కిందా సన్నగా సాగే వత్తులు ఆ రోజు ధర తాకి వచ్చిన చివరలు. హరామీకి బాడీతోనే పని, బిడ్డ బాడీ తల్లి బాడీలో ఇమడాలి. ఇన్‌సైడ్ బార్‌కు వత్తులతో సహా మొత్తం క్యాండిల్ ఇమడాలి. 2024 జూన్ 5 రెండు పరీక్షలూ నెగ్గింది.

2023 బడ్జెట్ రోజుల్లో అలా జరగలేదు. ఫిబ్రవరి 1న నిఫ్టీ పైన 17,972.20, కింద 17,353.40 తాకి 17,616.30 వద్ద ముగిసింది. మర్నాటి కదలికంతా ఆ రెండు అంకెల మధ్యే సాగింది కాబట్టి అది ఇన్‌సైడ్ బారే. కానీ ముగింపు 17,610.40. తల్లి బాడీ అడుగు కన్నా ఆరు పాయింట్ల లోపు కిందికి జారింది. కనుక నిర్వచనం ప్రకారం అది హరామీ కాదు. అలా ఒకరి పుస్తకంలో సంకేతం ఉన్నట్టు, ఇంకొకరి పుస్తకంలో లేనట్టు అయింది. అందుకే నేను ముందు చూసేది వత్తుల చివరలనే. బాడీ ఎక్కడుందన్నది ఆ తర్వాతి సంగతి.

హరామీని పాత పుస్తకాలు మలుపు సంకేతమని చెబుతాయి. పడుతున్న మార్కెట్‌లో పెద్ద ఎర్ర క్యాండిల్ కడుపులో చిన్న పచ్చ క్యాండిల్ వస్తే ఇక పైకే అని. ఈ నమ్మకాన్ని అంకెలతో పరీక్షించిన వాళ్ళున్నారు. థామస్ బుల్కోవ్‌స్కీ వేల క్యాండిల్స్ లెక్కగట్టి రాసిన విజ్ఞాన సర్వస్వంలో హరామీ ఫలితాలు నాణెం బొమ్మాబొరుసులకు దగ్గరగానే తేలాయి. జూన్ 5 క్యాండిల్‌కు ఇంకో చిక్కు కూడా ఉంది. మలుపు రావాలంటే ముందొక పతనం సాగుతూ ఉండాలి. ఇక్కడ పడింది ఒక్క రోజే. దాని ముందు రోజు మార్కెట్ శిఖరం మీద ఉంది. ఇక మలుపు దేని నుంచి దేనికి?

కాబట్టి దిక్కు చెప్పమని ఈ జంటను అడగను. అది చెప్పేది ఇంకొకటి ఉంది. పెద్ద గొడవ జరిగిన మర్నాడు కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఇద్దరూ వెనక్కి తగ్గారు, కొత్త ధర కోసం ఎవరూ గిరి దాటలేదు. గొడవ రోజు తాకిన పై ధర, కింది ధర అందరికీ గుర్తున్నాయి. పైగీత దగ్గర కొని ఇరుక్కున్నవాళ్ళు ధర మళ్ళీ అక్కడికి వస్తే అమ్ముకుని బయటపడదామని చూస్తుంటారు. ఆ అమ్మకాలన్నీ మింగి ధర పైకి దాటిందంటే కొనేవాళ్ళ బలం తెలిసినట్టు. కిందిగీతకూ ఇదే తర్కం తలకిందులుగా. వ్యాపారానికి ఇందులో పనికొచ్చేది ఆ రెండు గీతలే. ఎక్కడ ప్రవేశించాలో ఒకటి చెబుతుంది. మన ఊహ తప్పని ఎక్కడ ఒప్పుకోవాలో రెండోది చెబుతుంది.

కొందరు తల్లి గీతల కోసం ఆగరు, బిడ్డ క్యాండిల్ గరిష్ఠం దాటగానే కొనేస్తారు. చవకగా దొరుకుతుందనేది వాళ్ళ వాదన, అది నిజమే. జూన్ 6న అలా కొన్నవాళ్ళకు మంచి ధరే దొరికింది. కానీ అప్పటికి ధర ఇంకా తల్లి కడుపులోనే ఉంది, తీర్పు రాలేదు. 2023లో ఫిబ్రవరి 3నే నిఫ్టీ బిడ్డ గరిష్ఠం దాటి 17,854 వద్ద ముగిసింది. ఆ తర్వాత ఫిబ్రవరి 14 దాకా తల్లి గీతల మధ్యే కిందికీ పైకీ ఊగుతూ కూర్చుంది. ఆ ఊగిసలాటలో స్టాప్‌లాస్ దగ్గరగా పెట్టుకున్నవాళ్ళను మార్కెట్ తేలిగ్గా ఊడ్చేస్తుంది.

ఇప్పుడు జూన్ 6 సాయంత్రం మార్కెట్ మూసేశాక చేతిలో కాగితం పెట్టుకుని కూర్చున్నామనుకుందాం. మన దగ్గర రెండు లక్షల రూపాయలున్నాయి. ఒక్క వ్యాపారంలో అందులో నూటికి ఒక రూపాయికి మించి పోగొట్టుకోకూడదని మన నియమం, అంటే 2,000. కొనేది నిఫ్టీని అనుసరించే ఈటీఎఫ్. లెక్క తేలికగా ఉండడానికి దాని యూనిట్ ధర సూచీలో సరిగ్గా వందో వంతని పెట్టుకుందాం. నిజంగా కొనేటప్పుడు ఈ పోలిక కుదరదు. ఈటీఎఫ్ ధర సూచీకి అచ్చం వందో వంతుగా నడవదు కాబట్టి దాని సొంత చార్టు మీదే తల్లి గీతలు గీయాలి, దాని ధరతోనే ఆర్డర్ పెట్టాలి.

పైగీత 23,179.50. ధర దాన్ని తాకి వెనక్కి రావడం వేరు, దాటడం వేరు. అందుకని అయిదు పాయింట్లు పైన, 23,185 దగ్గర కొనుగోలు పెడతాం. తప్పు ఒప్పుకునే గీత ఎక్కడ? తల్లి కనిష్ఠానికి కాస్త కింద 21,276 అనడం అన్నిటికన్నా శుద్ధమైన జవాబు. అక్కడికి వచ్చిందంటే బ్రేకౌట్ అన్న మాటకు అర్థమే లేదు. అయితే ప్రవేశానికీ దానికీ దూరం 1,909 పాయింట్లు, అంటే యూనిట్‌కు 19 రూపాయల 9 పైసలు. రెండు వేలను దానితో భాగిస్తే 104 యూనిట్లు వస్తాయి. వాటి ఖరీదు 24 వేల పైచిలుకు. రెండు లక్షలున్న మనిషి పాతిక వేలతో కూడా కొనడు, ఎందుకంటే తల్లి క్యాండిల్ అంత పొడుగ్గా ఉంది. వేగంగా డబ్బు చేద్దామనుకునేవాళ్ళకు ఇది మింగుడుపడదు. నాకు ఈ లెక్కలో నచ్చేది సరిగ్గా ఇదే. మార్కెట్ ఎంత భయపడి ఉందో అంత తక్కువ కొనమని అది మనల్ని బలవంతం చేస్తుంది.

రెండో పద్ధతిలో తల్లి క్యాండిల్ నడుముకు స్టాప్ కడతారు. 23,179.50కూ 21,281.45కూ నట్టనడుమ 22,230. అయిదు పాయింట్లు కిందికి జరిపితే 22,225. పైగీత దాటిన ధర మళ్ళీ నడుము కిందికి వచ్చిందంటే కొనేవాళ్ళు ఓడినట్టే అన్నది దీని వెనుక ఆలోచన. నష్టం దూరం 960 పాయింట్లు, యూనిట్‌కు 9 రూపాయల 60 పైసలు. అలా 208 యూనిట్లు వస్తాయి, ఖరీదు 48 వేల చిల్లర. మూడో పద్ధతిలో బిడ్డ కనిష్ఠం కింద స్టాప్ పెడతారు. తల్లి కనిష్ఠం కింద పెట్టిన స్టాప్‌తో పోలిస్తే దూరం తగ్గుతుంది, యూనిట్లు పెరుగుతాయి, ఊగిసలాటకే బయటికి తోసేసే అవకాశమూ పెరుగుతుంది. మనం నడుము దగ్గరే ఉందాం.

ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా పోయేది రెండు వేలే, మారేది యూనిట్ల సంఖ్య. ముందు దూరం కొలిచి, తర్వాత యూనిట్లు తేల్చాలి. చాలామంది తిరగేసి చేస్తారు. వంద షేర్లు కొందామని ముందే అనుకుని, తర్వాత ఆ వంద షేర్లకు భరించగలిగిన నష్టం ఎంతో చూసి అక్కడ స్టాప్ పెడతారు. ఆ స్టాప్‌కు చార్టుతో సంబంధం ఉండదు. మార్కెట్‌కు మన జేబు సంగతి తెలియదు కదా.

జూన్ 7న రిజర్వ్ బ్యాంక్ పరపతి విధానం ప్రకటించింది. రెపో రేటు 6.5 శాతం దగ్గరే ఉంచి, వృద్ధి అంచనాను 7.2 శాతానికి పెంచింది. నిఫ్టీ పైగీత దాటి 23,290.15 వద్ద ముగిసింది. మన 23,185 ఆర్డర్ పలికి ఉండేది. ఇలాంటి కొనుగోలును రోజంతా తెర ముందు కూర్చుని చేయనక్కరలేదు. ట్రిగ్గర్ ధర, దాని మీద ఒక పరిమితి ధర పెట్టి స్టాప్ ఆర్డర్ ఇస్తే చాలు. మామూలు ఆర్డర్ ఆ రోజుతోనే చెల్లిపోతుంది కాబట్టి ధర గీత దాటేదాకా రోజూ ఉదయం మళ్ళీ పెట్టాలి, లేదా బ్రోకర్ ఇచ్చే దీర్ఘకాల ట్రిగ్గర్ సౌకర్యం వాడుకోవాలి. కొనుగోలు పలికిన వెంటనే అమ్మకం స్టాప్ కూడా పెట్టేయాలి. రేపు పెడదాంలే అనుకున్న స్టాప్ లేనట్టే లెక్క.

లాభం ఎక్కడ తీసుకోవాలన్నది కూడా ముందే రాసుకోవాలి. పోగొట్టుకోవడానికి సిద్ధపడిన దూరానికి రెట్టింపు అడుగుదాం. 960కి రెండింతలు 1,920. 23,185కు కలిపితే 25,105. రెట్టింపే ఎందుకంటే, మూడుసార్లలో రెండుసార్లు ఓడి ఒక్కసారి గెలిచినా అసలు మిగులుతుంది, చార్జీలు మాత్రం మన మీద పడతాయి. నాణెం బొమ్మాబొరుసుకు దగ్గరగా ఉండే సంకేతంతో వ్యాపారం చేయాలంటే అంతకన్నా తక్కువ అడిగితే గిట్టదు.

ఇక 2023 బడ్జెట్ తల్లికి ఇదే కొలబద్ద పెట్టి చూద్దాం. పైగీత 17,972.20, ప్రవేశం 17,977. నడుము 17,662.80, స్టాప్ 17,658. దూరం 319 పాయింట్లు. యూనిట్‌కు 3 రూపాయల 19 పైసలు కాబట్టి రెండు వేలకు 626 యూనిట్లు. ఖరీదు లక్షా పన్నెండు వేల పైన. తల్లి పొట్టిది కాబట్టి బరువు ఎక్కువ వేయగలిగాం. ఫిబ్రవరి 15న నిఫ్టీ గీత దాటి 18,015.85 వద్ద ముగిసింది. మర్నాడు 18,035.85. గీత పైన ముగిస్తేనే నమ్మాలనే జాగ్రత్తపరులు కూడా ఈపాటికి కొనేసి ఉంటారు. 17వ తేదీ ముగింపు 17,944.20, గీత కిందికి వచ్చేసింది. తర్వాతి రెండు రోజులూ కొద్దికొద్దిగా జారింది. 22న 17,554.30కు పడిపోయింది. ఆ రోజు మన స్టాప్ తెగింది. 626 యూనిట్ల మీద 1,997 రూపాయలు పోయాయి.

బ్రేకౌట్ వికటిస్తోందని ముందే తెలిసే దారి ఉందా? ఒక ఆనవాలు మాత్రం ఉంది. దాటిన గీత మీద ధర నిలబడలేకపోవడం. ఫిబ్రవరిలో రెండు ముగింపులు పైన, మూడోది మళ్ళీ లోపల. జూన్ 2024లో దాటిన తర్వాత ఒక్క ముగింపూ 23,179 కిందికి రాలేదు. కొందరు ధర తల్లి గీత లోపలికి మళ్ళీ వచ్చి ముగిస్తే స్టాప్ కోసం ఎదురుచూడకుండా బయటపడతారు. ఫిబ్రవరి 17 ముగింపు ధరకు అలా బయటికొచ్చిన వాళ్ళకు యూనిట్‌కు 33 పైసలే నష్టం. ఇది మంచి అలవాటేనని నా అభిప్రాయం. దీనికీ ఒక ధర ఉంది, గీతను మళ్ళీ ఓసారి తాకి పైకి పరిగెత్తే మంచి బ్రేకౌట్లు కొన్ని చేయిదాటిపోతాయి. రెండిట్లో ఏది పాటించినా ఫర్వాలేదు, ఫిబ్రవరిలో ఒకటీ జూన్‌లో ఒకటీ పాటిస్తే మాత్రం లెక్కంతా చెడుతుంది.

ధర కిందిగీతను చీల్చుకుపోతే ఏం చేయాలన్న ప్రశ్న ఉంది. షేర్లు, ఈటీఎఫ్‌లు డెలివరీకి కొనేవాళ్ళకు అది కొనకూడదనే సూచన, అంతే. పతనం మీద పందెం కాయాలంటే ఫ్యూచర్స్‌కో ఆప్షన్స్‌కో వెళ్ళాలి. అక్కడ మన రెండు వేల నియమం నిలవదు. జూన్ 2024 నాటి 960 పాయింట్ల దూరాన్ని ఒక లాట్‌లో 25 యూనిట్లే అనుకుని గుణించినా 24,000 అవుతుంది. రెండు లక్షల్లో పన్నెండు శాతం ఒక్క దెబ్బకు. యూనిట్లు తగ్గిద్దామంటే లాట్ పగలదు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. లాట్ పెద్దదై దూరం పొడవైనప్పుడు ఆ అంకెలోకి జారడం ఎంత సులువో ఈ ఒక్క గుణకారం చూపిస్తుంది.

స్టాప్ పెట్టాం కాబట్టి నష్టం కచ్చితంగా రెండు వేలే అనుకోవడమూ పూర్తి నిజం కాదు. మార్కెట్ మధ్యాహ్నం మూడున్నరకు మూసేస్తే మళ్ళీ తెరిచేది మర్నాడు ఉదయం తొమ్మిదింపావుకే. ఈ మధ్యలో ప్రపంచం ఆగదు. 2024 ఆగస్టు 2, శుక్రవారం నిఫ్టీ 24,717.70 వద్ద ముగిసింది. వారాంతంలో అమెరికా, జపాన్ భయాలు ముదిరి సోమవారం 24,302.85 వద్ద తెరుచుకుంది. లాభం కాపాడుకుందామని 24,600 దగ్గర స్టాప్ పెట్టుకున్నవాళ్ళకు ఆ ధర ఇచ్చేవాళ్ళే లేరు, మూడు వందల పాయింట్లు కిందే అమ్ముడుపోయి ఉంటుంది. పైగా స్టాప్‌కు పరిమితి ధర దగ్గరగా పెట్టినవాళ్ళ ఆర్డర్ అసలు అమ్ముడుపోకుండా మిగిలి ఉండవచ్చు. ఒక్కో షేరు విషయంలో ఇది ఇంకా తీవ్రం. ఫలితాల రాత్రో, లోయర్ సర్క్యూట్ పడ్డ రోజో స్టాప్ ఉత్త అంకెగా మిగులుతుంది. కంపెనీ ఫలితాలు రేపనగా తల్లి గీత దాటిందని కొనడం నేను చేయను.

మన జూన్ వ్యాపారం ఆ ఆగస్టులో ఇంకా తెరిచే ఉంది. జూన్ నెలాఖరుకల్లా నిఫ్టీ 24,145 దాటి, మనం పణం పెట్టినంత లాభం చూపించింది. ఆగస్టు 1న 25,078.30 దాకా వెళ్ళింది. మన లక్ష్యం 25,105. ఇరవై ఏడు పాయింట్ల దూరంలో ఆగి వెనక్కి తిరిగింది. రెండు రోజుల వ్యాపారంలోనే, ఆగస్టు 5 ముగింపుకు, 24,055.60. కాగితం మీద 3,900 రూపాయల పైన కనిపించిన లాభం 1,800కు తగ్గింది. ఆ సోమవారం సాయంత్రం భయపడి అమ్మేసినవాళ్ళను తప్పుపట్టలేను. కానీ జూన్ 6 నాటి కాగితం మీద రాసుకున్న స్టాప్ 22,225, ధర దాని ఛాయలకు కూడా రాలేదు. కాగితాన్ని నమ్ముకుని కూర్చున్నవాళ్ళకు ఆగస్టు చివరి వారంలో 25,105 పలికింది. 208 యూనిట్ల మీద 3,994 రూపాయలు. ఫిబ్రవరిలో పోయిన 1,997 తీసేస్తే, రెండు తల్లులూ కలిసి మిగిల్చింది 1,997 రూపాయలు, అదీ బ్రోకరేజీ, పన్నులు కట్టకముందు.